గృహప్రవేశం నాడు మైకు పట్టుకుని రెండు నిమిషాలు: ఇంటాయన, ఇంటామె కోసం మొత్తం పద్ధతి

ఈ మధ్య ఇల్లు కట్టుకున్న ప్రతి దోస్తూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: "చుట్టాలు, గల్లీ వాళ్ళు అందరూ కూర్చున్నాక నాలుగు మాటలు మాట్లాడమంటున్నారు, ఏం మాట్లాడాలి?" నా ఇంటప్పుడు నేను మాట్లాడి ఒకరిని బాధపెట్టాను, దాన్ని సరిచేసుకోవడానికి ఒక ఆదివారం పట్టింది. ఆ తర్వాత ముగ్గురు నలుగురికి దగ్గరుండి రాసిచ్చాను కాబట్టి ఎక్కడ తేడా కొడుతుందో తెలిసింది. అదంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను. హనుమకొండ, వరంగల్, పరకాల, జమ్మికుంట వైపు ఫంక్షన్లు ఎలా నడుస్తాయో దాన్ని బట్టే రాశాను. వేరే వైపు వాళ్ళు తమ పద్ధతికి తగ్గట్టు మార్చుకోండి.

## 1. ముందు టైం తేల్చుకోండి, మాటలు తర్వాత

గృహప్రవేశంలో ఉన్న చిక్కు ఏమిటంటే జనం అంతా ఒకేసారి ఒకేచోట ఉండరు. పెళ్ళిలో తలంబ్రాల టైంకి అందరి కళ్ళూ ఒకవైపే ఉంటాయి, ఇక్కడ అట్లా కాదు. తెల్లవారుజామున ఆవును లోపలికి తోలుకొచ్చేటప్పుడు, పాలు పొంగించేటప్పుడు ఇంటివాళ్ళు, దగ్గరి రక్తసంబంధం వాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. వ్రతం టైంకి ఇంకొంతమంది వస్తారు కానీ అప్పుడు మీరిద్దరూ పీటల మీద ఉంటారు. అసలు జనం పన్నెండు నుంచి మూడు దాకా వస్తూ ఉంటారు, తింటూ ఉంటారు, పోతూ ఉంటారు.

అందుకే మాట్లాడడానికి పనికొచ్చే సందు ఒక్కటే: మొదటి పంక్తికి ముందు, వంట గిన్నెల మూతలు తీయకముందు. బగారా అన్నం మూత తీశాక ఆ వాసనను దాటి ఎవరి మాటా ముందుకు పోదు. ప్లేట్లు చేతికొచ్చాక మైకు పడితే, సగం మంది లైన్లో నిలబడి మీ వైపు వీపు పెట్టి ఉంటారు, మిగతా సగం "ఎప్పుడు అయిపోతది" అన్నట్టు చూస్తారు.

వంటాయనకు ముందురోజే ఒక మాట చెప్పి పెట్టండి: "నేను మైకు కింద పెట్టి చెయ్యి ఊపేదాకా మూతలు తీయకు." ఇది చెప్పకపోతే ఆయన పన్నెండున్నర కాగానే తన పని తాను మొదలుపెడతాడు, అందులో ఆయన తప్పు లేదు.

దీనికి ఒక హద్దు కూడా ఉంది. భోజనాలు పన్నెండున్నరకు అనుకుంటే పన్నెండు ఇరవైకి లేవండి. వ్రతం ఆలస్యమై ఒంటిగంట అయిందా, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు కుర్చీల్లో కదులుతున్నారా, అప్పుడు రెండు నిమిషాల మాట వద్దు. మూడు వాక్యాలు చెప్పి తినమనండి, మిగతాది గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ చెప్పుకోవచ్చు.

ఇంకో సంగతి: కట్నాలు రాసే బల్ల దగ్గర నిలబడి మాట్లాడొద్దు, కట్నాలు మైకులో చదువుతున్న టైంలోనూ వద్దు. అక్కడి నుంచి "ధన్యవాదాలు" అంటే రాసిన డబ్బుకే అన్నట్టు వినిపిస్తుంది. అసలు ఈ రెంటికీ కనీసం అరగంట ఎడం ఉండాలి.

## 2. ఎవరు మాట్లాడాలి

ఇంటాయనే మాట్లాడాలని ఏం లేదు. ఇంట్లో ఎవరి గొంతు వణకదో వాళ్ళు మాట్లాడాలి. నేను చూసినంతలో భార్యాభర్తలు ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఒకే ఒక్క వాక్యం చెప్పడం బాగా కుదురుతుంది. ఆ ఒక్క వాక్యం ఏమిటంటే, ఇంటామె తన తల్లిగారి వాళ్ళకు చెప్పేది. ఒడిబియ్యం తెచ్చి, బట్టలు పెట్టి, పొద్దున్నుంచి పని చేస్తున్న వాళ్ళకు అల్లుడు చెప్పే థాంక్స్ కన్నా బిడ్డ చెప్పే మాట సూటిగా తగులుతుంది. అయితే ఏం తెచ్చారో, ఎంత పెట్టారో మాత్రం చెప్పొద్దు. "మా తల్లిగారోళ్ళు మూడు రోజుల సంది ఇక్కడనే ఉండి అన్నీ చూసుకున్నరు" అంటే చాలు.

ఇంట్లో పెద్దాయన ఉంటే? ఆయనను మాట్లాడమని మైకు ముందు హఠాత్తుగా నిలబెట్టొద్దు. ముందురోజే అడగండి. ఆయన వద్దంటే ఆయన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరు మొదలుపెట్టేటప్పుడు "మా బాపు తరఫున, మా అందరి తరఫున" అనండి.

## 3. పేర్లు: గొడవంతా ఇక్కడే

మాట బాగుందా లేదా అన్నది రెండు రోజుల్లో మర్చిపోతారు. పేరు చెప్పలేదన్నది మాత్రం పదేళ్ళ తర్వాత వేరే పెళ్ళిలో బయటికొస్తుంది.

నేను చేసిన తప్పు ఇదే. చుట్టరికాన్ని బట్టి పేర్లు చదివాను. పెద్దబాపు, చిన్నాయన, మేనమామ, ఇద్దరు బావలు, ఇట్లా వరసగా వెళ్ళి, ఆ వరసలో జమ్మికుంట బావను వదిలేశాను. కావాలని కాదు, కాగితంలో ఆ పేరు మడత దగ్గర పడింది, కన్ను దాటిపోయింది. బావ ఏమీ అనలేదు. అక్క తినకుండా పిల్లల్ని తీసుకుని బయటికి నడిచింది. తర్వాతి ఆదివారం పోయి వాళ్ళింట్లో కూర్చుని వచ్చాను, అప్పటికి గానీ సర్దుకోలేదు.

చుట్టరికాన్ని బట్టి చదివితే ఆ లిస్టుకు అంతు ఉండదు, అంతు లేని లిస్టులో ఎవరో ఒకరు తప్పకుండా మిగిలిపోతారు. అందుకని ఇట్లా చేయండి:

పనిని బట్టి పేరు పెట్టండి, చుట్టరికాన్ని బట్టి కాదు. ఈ ఇంటి కోసం చేత్తో ఏదైనా పని చేసినవాళ్ళు ఎవరు? వాళ్ళల్లో ఆ పని ఒక్క వాక్యంలో చెప్పగలిగేవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు మాత్రమే. నాలుగుకు మించొద్దు. మిగతా అందరినీ గుంపులుగా పిలవండి: అమ్మ తరఫు వాళ్ళు, నాన్న తరఫు వాళ్ళు, అత్తగారి వాళ్ళు, గల్లీ వాళ్ళు, డ్యూటీ దోస్తులు. పని చెప్పి పేరు పెడితే, పేరు రానివాళ్ళకు కారణం అర్థమవుతుంది. "ఆయన నీళ్ళిచ్చిండు కాబట్టి ఆయన పేరు చెప్పిండు" అనుకుంటారు, "నేను తక్కువనా" అనుకోరు.

ఊరు కలిపి పిలవండి. మనకు ఇద్దరు బావలు, ముగ్గురు చిన్నమ్మలు ఉండడం మామూలే. ఉత్త "మా బావ" అంటే ఇద్దరూ తలెత్తుతారు, ఒకరు దించుకుంటారు. ఇంట్లో ఎట్లా పిలుస్తామో అట్లానే, పరకాల చిన్నాయన, హుజూరాబాద్ అక్క అనండి. పెద్దవాళ్ళను పేరుతో పిలవాల్సిన అవసరమే రాదు.

గల్లీ వాళ్ళను కూడా పిలిచే పిలుపుతోనే. రోజూ సార్ అనేవాళ్ళను సార్ అనే, భాయ్ అనేవాళ్ళను భాయ్ అనే, అక్క అనేవాళ్ళను అక్క అనే అనండి. మైకులో హఠాత్తుగా "శ్రీమతి ఫలానా గారు" అంటే ఆమె వెనక్కి తిరిగి చూసుకుంటుంది, ఎవరినబ్బా అని.

పేర్లు రాసుకున్నాక ఆ కాగితం మీ ఆవిడకో, అక్కకో చూపించి ఒకటే అడగండి: "ఇందులో ఎవరికి బాధ కలుగుతది?" ఆడవాళ్ళకు ఈ లెక్క మనకన్నా బాగా తెలుసు. వాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పేది మనకు రెండేళ్ళయినా తట్టదు.

## 4. మేస్త్రీ, వడ్లాయన, పంతులు: వీళ్ళ సంగతి వేరు

పంతులు గారికి మీ మాటలో చోటు పెట్టుకోకండి. ముహూర్తాల రోజుల్లో ఆయనకు అదే పొద్దున ఇంకో ఇల్లుంటుంది, మీరు మైకు పట్టేటప్పటికి బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయి ఉంటారు. వ్రతం అయ్యాక దక్షిణ ఇచ్చి కాళ్ళు మొక్కేటప్పుడే చెప్పాల్సింది చెప్పేయండి.

పనివాళ్ళ విషయంలో చాలామంది చేసేది, మేస్త్రీకి, దర్వాజ చేసిన వడ్లాయనకు పూజ అయ్యాక బట్టలు పెట్టి, అక్కడితో అయిపోయింది అనుకోవడం. బట్టలు పెట్టడం మన పద్ధతి, అది ఎట్లాగూ చేస్తాం. కానీ మైకులో ఒక్క వాక్యం వాళ్ళకు ఉండాలి, ఎందుకంటే ఆ గుంపులో ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. మీరు లేపి నిలబెట్టిన మనిషికి తర్వాతి పని అక్కడే దొరుకుతుంది. మా రంగుల తమ్ముడికి అట్లానే ఆ రోజు మధ్యాహ్నమే ఒక ఇల్లు కుదిరింది.

పనివాళ్ళను పిలిచేటప్పుడు వాళ్ళు అక్కడ ఉన్నారో లేదో ముందు చూసుకోండి. మామూలుగా వాళ్ళు వెనక, టెంటు కర్రల దగ్గర నిలబడి ఉంటారు. మొదలుపెట్టే ముందే ఒక పిల్లగాణ్ణి పంపి ముందు వరసలో కూర్చోబెట్టించండి.

జోకుల జోలికి మాత్రం పోకండి. "మా మేస్త్రీ ఆరు నెలల పనిని ఏడాదిన్నర చేసిండు" అని నవ్వుతూ అన్నా సరే, ఆయన భార్యాపిల్లలతో వచ్చి కూర్చుని ఉంటాడు. లెక్కలు ఏమైనా మిగిలి ఉంటే అవి ఇంకో రోజు, ఇంకో చోట.

## 5. మాటల వరస

రెండు నిమిషాలంటే ఎంత? గాబరా పడకుండా మాట్లాడితే తెలుగులో నిమిషానికి సుమారు వంద మాటలు వస్తాయి. అంటే మీరు రాసింది రెండొందల మాటలు దాటొద్దు, నోట్‌బుక్కులో ఒక పేజీ కూడా నిండదు. రాసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని బయటికి చదివి చూడండి. మనసులో చదువుకుంటే టైం తక్కువే చూపిస్తుంది, మోసపోతారు.

వరస ఇట్లా పెట్టుకోండి:

1. పలకరింపు, రాక. రెండు వాక్యాలు. పెద్దలకు ముందు, తర్వాత అందరికీ. వాళ్ళు ఈ రోజు పడ్డ కష్టం ఒకటి చెప్పండి: ఎండ, వాన, దూరం, తెల్లవారుజాము బస్సు.
2. గల్లీ వాళ్ళు. చుట్టాల కన్నా ముందు వీళ్ళు. కారణం కింద చెప్తాను.
3. పని చేసిన చుట్టాలు. ఒకరు లేదా ఇద్దరు, పనితో సహా. వెంటనే మిగతా చుట్టాలందరినీ గుంపులుగా, ఒక్క వాక్యంలో.
4. పనివాళ్ళు. లేపి నిలబెట్టాలి.
5. లేనివాళ్ళు. ఎవరైనా పోయినవాళ్ళు ఉంటే ఒక్క వాక్యం, అంతే.
6. ఇంటామె వాక్యం.
7. భోజనం. ఎక్కడ, ఎట్లా, ఎవరికి ఏ ఏర్పాటు. దీనితో ఆపేయాలి.

గల్లీ వాళ్ళను ముందు ఎందుకు పెట్టాలంటే, చుట్టాలు మనవాళ్ళు, వాళ్ళల్లో వాళ్ళకు మాటలుంటాయి. గల్లీ వాళ్ళు ఒక మూలన నాలుగు కుర్చీలు లాక్కుని వాళ్ళే కూర్చుంటారు, చుట్టాల్లో ఎవరూ వాళ్ళకు తెలియదు, తినేసి పోదామని చూస్తుంటారు. రేపట్నుంచి రోజూ మొహం చూసుకోవాల్సింది వాళ్ళతోనే. మీరు ముందు వాళ్ళ గురించి చెప్తే చుట్టాలు తలతిప్పి చూస్తారు, ఆ తర్వాత భోజనాల దగ్గర "మీరేనా నీళ్ళిచ్చిన అక్క" అని ఎవరో ఒకరు పలకరిస్తారు.

లేనివాళ్ళ గురించి చెప్పే వాక్యాన్ని కనీసం ఐదుసార్లు బయటికి పలికి అలవాటు చేసుకోండి. కాగితం మీద చాలా మామూలుగా కనిపించే వాక్యం ఇదే, గొంతు పట్టేసేది కూడా ఇక్కడే. మొదట పెడితే తర్వాతి మాటలు నడవవు, చివర పెడితే జనం ఏడుపు మొహాలతో అన్నానికి లేస్తారు. అందుకే చివరికి కాస్త ముందు.

చెప్పకూడనివి కూడా ఉన్నాయి: ఎంత ఖర్చయింది, లోన్ ఎంత, ఎన్ని గజాలు, టైల్స్ ఎక్కడివి, ఎవరు రాలేదు, ఎవరు అప్పు ఇచ్చారు. చివరిది ముఖ్యం. అప్పిచ్చినాయనకు మీరు మనస్ఫూర్తిగా చెప్పే థాంక్స్, ఆయన భార్యకు ఆ సంగతి మొదటిసారి తెలిసే సందర్భం కావచ్చు.

## 6. ఒక మాటను రాసి, కోసి, మళ్ళీ రాసి చూద్దాం

హనుమకొండలో భీమారం వైపు ఇల్లు కట్టుకున్న ఒక దోస్తు ముందు రాసుకొచ్చింది ఇట్లా మొదలైంది:

> "ఈ శుభ సందర్భాన మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు, ఇరుగుపొరుగు వారికి హృదయపూర్వక స్వాగతం సుస్వాగతం. సొంత ఇల్లు అనేది ప్రతి మనిషి కల..."

ఇది పత్రికలో అచ్చు వేసిన భాష. ఇందులో ఆయన ఇల్లు లేదు, వచ్చినవాళ్ళు లేరు. ఈ మాటలు ఏ ఇంటి ముందు చదివినా సరిపోతాయి. ఆయన నోట్లో "శ్రేయోభిలాషులకు" సరిగ్గా పలకదు కూడా, రెండుసార్లు తడబడ్డాడు.

కాగితం పక్కన పెట్టించి ఊరికే అడిగాను: ఈ ఇల్లు కట్టేటప్పుడు నిజంగా ఇబ్బంది వచ్చింది ఎప్పుడు? వెంటనే చెప్పాడు. స్లాబ్ పోసిన తెల్లారి బోరు మోటరు కాలిపోయింది. స్లాబ్ మీద గట్లు కట్టి నీళ్ళు నింపాలి, నీళ్ళు లేవు, ఎండలు. ఎడమ పక్కింటామె అడగకముందే గోడ మీద నుంచి పచ్చ పైపు విసిరి, పొద్దున సాయంత్రం తన మోటరు వేసింది. పదిహేను రోజులు. మోటరు బాగయ్యాక కరెంటు బిల్లు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇంకెవరు? డ్యూటీలో ఉన్నప్పుడు పరకాల నుంచి చిన్నాయన బండి మీద వారానికి రెండుసార్లు వచ్చి పని చూసేవాడు. వాళ్ళ బాపు ఆ జాగా కొన్నాడు కానీ ఇల్లు చూడకుండానే పోయాడు.

అంతే, మాట తయారైంది. చివరికి ఆయన మాట్లాడింది ఇది:

> "పెద్దలకు శనార్తులు, అందరికి నమస్తే. ఇంత ఎండల పిల్లలను పట్టుకొని వచ్చిన్రు, చాలా సంతోషం.
>
> ముందు మా గల్లీ వాళ్ళకు చెప్పాలె. ఏడాదిన్నర మా ఇసుక, మా కంకర, మా మిక్సర్ చప్పుడు మీ వాకిట్లనే ఉండె. ఒక్కరన్న ఒక్క మాట అనలే. స్లాబ్ పోసిన తెల్లారి మా మోటర్ కాలిపోతే, ఎడమ పక్కింటి అక్క అడగకముందే గోడ మీదికెల్లి పైపు ఏసి పదిహేను రోజులు నీళ్ళిచ్చింది. అక్కా, ఆ స్లాబ్ కిందనే ఇయ్యాల మా పాలు పొంగినయి.
>
> నేను డ్యూటీల ఉంటే మా పరకాల చిన్నాయన వారానికి రెండు మాట్ల వచ్చి పని చూసిండు. మా బాపు దిక్కు, అమ్మ దిక్కు, మా అత్తగారి దిక్కు చుట్టాలందరు ఏదో ఒక తీరుగ మా ఎనుకాల నిలబడ్డరు.
>
> మా మేస్త్రీ, వడ్లాయన, సెంట్రింగు, కరెంటు, నల్లా పని, రంగుల తమ్ముళ్ళు ఈడనే ఉన్నరు. ఒకసారి లేవండ్రి, అందరు చూస్తరు.
>
> ఈ జాగ మా బాపు కొన్నడు. ఇల్లు ఆయన చూడలే, మీరందరు చూసిన్రు."

ఇక్కడ మైకు భార్య చేతికిచ్చాడు. ఆమె చెప్పింది:

> "మా తల్లిగారోళ్ళు మూడు దినాల సంది నిద్ర లేకుంట పని చేస్తున్నరు. అవ్వా, ఇగ నువ్వు కూసో."

మళ్ళీ ఆయన:

> "బువ్వ తయారుంది. పెద్దోళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు మెట్లెక్కద్దు, కింద హాల్లనే వడ్డిస్తరు. మిగతా వాళ్ళు డాబా మీదికి రాండ్రి. ఎవ్వలు తినకుండ పోవద్దు."

ఇది నూట నలభై మాటలకు అటూ ఇటూగా ఉంది. పనివాళ్ళు లేచి నిలబడడానికి, చప్పట్లకు, మైకు చేతులు మారడానికి పట్టిన టైంతో కలిపితే రెండు నిమిషాలు. అందుకే కాగితం మీద రెండొందల దాకా పోకుండా నూట యాభై దగ్గర ఆగితే ఇంకా మంచిది.

రెండు సంగతులు చూడండి. "ధన్యవాదాలు" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు, ఎవరికీ లోటు అనిపించలేదు. రెండోది, పేరు పెట్టి చెప్పిన గల్లీ మనిషి ఒక్కతే అయినా, ఇసుక కంకర మాటతో గల్లీ మొత్తం అందులోకి వచ్చింది. కుడి పక్కింటాయన అలగడానికి సందు లేకుండా పోయింది.

భాష గురించి కూడా ఒక మాట. ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి. కాగితం మీద పుస్తకం భాషలో రాసుకున్నా, నోటితో చెప్పేటప్పుడు అది "వచ్చిన్రు, చేసిన్రు" అయిపోతుంది, మధ్యలో మారితే అతుకు కనిపిస్తుంది. రాసుకునేటప్పుడే మీ యాసలో రాసుకోండి.

## 7. మైకు, కాగితం, నిలబడే చోటు

యాభై మంది దాకా ఉండి, అందరూ ఒకే హాల్లో ఉంటే మైకు అవసరం లేదు. గట్టిగా చప్పట్లు రెండు కొట్టి మొదలుపెట్టండి. టెంటు వేసి, గల్లీలో కుర్చీలు పరిచి ఉంటే మైకు కావాలి.

మైకు కీచుమని అరవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మాట్లాడే మనిషి సౌండ్ బాక్సు ముందు నిలబడతాడు, బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి పోతుంది. బాక్సులకు వెనకగా నిలబడండి, లేదా బాక్సును జనం వైపు తిప్పించండి. మైకును నోటికి పిడికెడు దూరంలో పట్టుకోండి. తల తిప్పితే మైకు కూడా తిరగాలి.

వాన పడుతుంటే, పైన రేకులు ఉంటే, మైకున్నా పనికిరాదు. శ్రావణంలో పెట్టుకున్నవాళ్ళకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. అట్లాంటప్పుడు హాల్లోకి జరిగి, లోపల ఉన్నంతమందికే చెప్పండి.

ఫోన్లో రాసుకుని చూసి చదవకండి. సరిగ్గా ఆ టైంకే దారి తప్పిన చుట్టం ఎవరో "పెట్రోల్ బంక్ దాటినం, ఇప్పుడు ఎటు తిరగాలె" అని ఫోన్ చేస్తారు. మీ ఫోన్ తమ్ముడి చేతికిచ్చేయండి. కాగితం మీద కూడా మొత్తం రాసుకోకుండా ఏడు మాటలు పెద్ద అక్షరాలతో రాసుకోండి: ఎండ, ఇసుక, పైపు, చిన్నాయన, పనివాళ్ళు, బాపు, బువ్వ. కాగితం మడవకండి, మడత నాకేం చేసిందో పైన చెప్పాను.

## 8. తేడా కొడితే అక్కడికక్కడ ఏం చేయాలి

పేరు మర్చిపోయారు, మైకు పెట్టేశాక గుర్తొచ్చింది. మళ్ళీ మైకు తీసుకుని "మర్చిపోయిన" అనొద్దు, మర్చిపోయారన్న సంగతి తెలియనివాళ్ళకు కూడా తెలుస్తుంది. నేరుగా వాళ్ళ దగ్గరికి పోయి, మొదటి పంక్తిలో మీ చేత్తో వడ్డించండి. అది చాలామందికి మైకులో పేరు కన్నా ఎక్కువ. నాకు ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది.

గొంతు పట్టేసింది. ఆగండి. నీళ్ళు తాగండి. వాక్యం పూర్తి చేయాలని పట్టు పట్టకుండా తర్వాతి దానికి పోండి, లేదా పక్కనున్న మనిషికి కాగితం ఇవ్వండి. క్షమాపణలు చెప్పొద్దు.

గల్లీ లీడరు వచ్చాడు, మైకు కోసం చూస్తున్నాడు. ఆయన చేతికి మైకు పోతే భోజనాలు అరగంట వెనక్కి పోతాయి, ఇది పందెం కట్టి చెప్తాను. వచ్చాడని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరు ఎదురుపోయి, శాలువా కప్పి, మొదటి పంక్తిలో కూర్చోబెట్టాలి. మీరు మాట్లాడుతుండగా వస్తే "అన్న వచ్చిండు, రా అన్నా, కూసో, మనం కలిసి తిందాం" అని మీ మాట కొనసాగించండి.

జనం వినడం లేదు. గొంతు పెంచొద్దు. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్ళకే చెప్తున్నట్టు మామూలుగా చెప్పి, సగం కోసేసి, భోజనం మాటకు వచ్చేయండి.

చుట్టాల్లో ఒకాయన "నేను కూడా రెండు మాటలు" అని లేచాడు. రెండు మాటలే అయితే పర్వాలేదు. మందు వాసన వస్తుంటే మాత్రం చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకుపోయే బావమరిదిని ముందే చూసి పెట్టుకోండి.

## 9. తర్వాత వచ్చేవాళ్ళకు

ఒంటిగంటన్నరకు, రెండుకు వచ్చేవాళ్ళు మీ మాట వినలేదు. వాళ్ళ కోసం మళ్ళీ మైకు పట్టొద్దు, ముందు విన్నవాళ్ళు ఇంకా అక్కడే ఉంటారు. గేటు దగ్గర ఇంటి మనిషి ఒకరు ఎప్పుడూ ఉండేట్టు వంతులు వేసుకోండి, అరగంటకొకరు. వచ్చినవాళ్ళకు ఆ మనిషి చెప్పాల్సింది మూడు ముక్కలు: మంచిగ వచ్చిన్రా, ఇల్లు చూడండి, బువ్వ ఫలానా చోట. పోయేవాళ్ళకు మీరే చెప్పాలి. గడప దగ్గర పోటు పడే టైం రెండు నుంచి మూడు, అప్పుడు మీరు తినడానికి కూర్చోకండి. ఒంటిగంటకే నాలుగు ముద్దలు తిని ఉండండి.

ముందురోజు సాయంత్రం చూసుకోవాల్సినవి:

- వంటాయనకు మూతల సంగతి చెప్పానా
- పేర్ల కాగితం ఇంట్లో ఆడవాళ్ళకు చూపించానా
- ఇంటామె తన వాక్యం ఒకసారి బయటికి చెప్పి చూసిందా
- బాపు వాక్యం ఐదుసార్లు పలికానా
- సౌండ్ బాక్సులు ఎటు తిరిగి ఉన్నాయి
- మెట్లెక్కలేని వాళ్ళకు కింద బల్లలు వేశారా

మాట్లాడే పది నిమిషాల ముందు:

- ఫోన్ తమ్ముడి దగ్గర, కాగితం నా దగ్గర
- పనివాళ్ళు ముందు వరసలో
- పేరు చెప్పబోయే గల్లీ మనిషి వచ్చిందా లేదా (రాకపోతే ఆ వాక్యం అట్లానే చెప్పండి, కానీ "అక్కా" అని పిలవడం తీసేయండి)
- పాటలు ఆపించామా
- కట్నాల బల్ల దగ్గర చదవడం ఆగిందా

ఇక మరుసటి రోజు పని ఒకటి మిగులుతుంది. మైకులో పేరు చెప్పిన మనిషి ఆ టైంకు ఉన్నా లేకపోయినా, సాయంత్రం మిగిలిన లడ్డూలు డబ్బాలో పెట్టుకుని వాళ్ళింటికి పోయి రండి. మా దోస్తు అట్లా పోతే, పక్కింటామె డబ్బా తీసుకుని, గోడ పక్కన చుట్టచుట్టి ఉన్న పచ్చ పైపు చూపించి, "ఇది మీదేనా మాదేనా, నాకు యాది లేదు, తీస్కపో" అందట.